ఎండిపోయిన బిడ్డ, నీరు పట్టిన బిడ్డ

మరాస్మస్, క్వాషియోర్కర్ అనేవి అయిదేళ్ళలోపు పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం తీసుకునే రెండు రూపాలు. మరాస్మస్‌లో బిడ్డ ఎండిపోతాడు. క్వాషియోర్కర్‌లో బిడ్డకు నీరు పడుతుంది. నర్సింగ్, వైద్యం, గృహవిజ్ఞానం చదివేవారికీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఉద్యోగాలకు పరీక్ష రాసేవారికీ ఈ జంట మీద ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. చాలామంది ఒక పట్టిక బట్టీ పట్టి వెళతారు: కేలరీలు తక్కువైతే మరాస్మస్, మాంసకృత్తులు తక్కువైతే క్వాషియోర్కర్. ప్రశ్న సూటిగా ఉన్నంతవరకు ఆ పట్టిక పనికొస్తుంది. ఒక బిడ్డ వివరాలిచ్చి, ఏ జబ్బో చెప్పి మొదట ఏం చేయాలో రాయమన్నప్పుడు మాత్రం అదే పట్టిక తప్పుదారి పట్టిస్తుంది. మాంసకృత్తులు తక్కువైన బిడ్డకు మొదటి రోజునుంచే మాంసకృత్తులు దండిగా పెట్టాలని రాయిస్తుంది కాబట్టి. వార్డులో ఆ జవాబు బిడ్డ ప్రాణం తీయగలదు.

రెండింటినీ విడదీసే పద్ధతి తెలియాలంటే ప్రశ్నపత్రాల్లో కనిపించే తరహా బిడ్డలను ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడడం మేలు.

మొదటిది పది నెలల ఆడబిడ్డ. మూడో నెలలోనే తల్లిపాలు ఆగిపోయాయి. డబ్బా పాలపొడి ఖరీదు కావడంతో ఒక చెంచా వేయాల్సిన చోట అర చెంచా వేసి, నీళ్ళు ఎక్కువ పోసి పట్టారు. సీసా సరిగా మరిగించకపోవడంతో నెలకోసారి విరేచనాలు. బరువు 4.5 కిలోలు. రెండో వాడు ఇరవై రెండు నెలల మగబిడ్డ. తల్లికి మళ్ళీ కాన్పు దగ్గరపడడంతో ఏడాదికే పాలు మాన్పించారు. అప్పటినుంచి గంజి, చారన్నం. నెల కిందట తట్టు పోసింది. వారం రోజులుగా కాళ్ళు ఉబ్బాయి. బరువు 8 కిలోలు.

ముందు చేయాల్సిన పని పాదం నొక్కడం

ఇద్దరిలో ఎవరి స్థితి ప్రమాదకరం అని అడిగితే చూడగానే ఎవరైనా ఆడబిడ్డవైపే చూపిస్తారు. ఆమె పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. తొడల వెనక, పిరుదుల దగ్గర చర్మం వదులై, పెద్దవాళ్ళ నిక్కరు తొడిగినట్టు మడతలు వేలాడుతుంటాయి. ముఖం ముసలి ముఖమైపోతుంది. బుగ్గల్లోని కొవ్వు అన్నిటికన్నా చివర కరుగుతుంది కనుక, బుగ్గలు కూడా పీక్కుపోయాయంటే శరీరం నిల్వలన్నీ అయిపోయే దశకు చేరినట్టు. అయినా కళ్ళు చురుగ్గా చుట్టూ చూస్తాయి. చెంచా కనిపిస్తే నోరు తెరుస్తుంది. ఆకలి ఉంది. జుట్టు పల్చబడినా రంగు పెద్దగా మారదు. కడుపు తడిమితే కాలేయం పెరిగినట్టు తగలదు.

మగబిడ్డను చూసి ఇరుగుపొరుగువారు బొద్దుగానే ఉన్నాడు అనుకునే అవకాశం ఉంది. బుగ్గలు గుండ్రంగా ఉన్నాయి, కాళ్ళు లావుగా ఉన్నాయి. జబ్బ పట్టుకు చూస్తే తెలుస్తుంది అసలు సంగతి: చర్మం కింద కొవ్వు కొంత మిగిలినా, కండ కరిగిపోయింది. పిల్లవాడు ఎటూ చూడడు, కదలడు. ముట్టుకుంటే సన్నగా ఏడుస్తాడు. గిన్నె నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంటాడు. జుట్టు రాగిరంగుకు మారి, లాగితే నొప్పి లేకుండా ఊడి వస్తుంది. తిండి దొరికిన నెలల్లో పెరిగిన జుట్టు నల్లగా, దొరకని నెలల్లో పెరిగినది పాలిపోయి, ఒకే వెంట్రుక మీద పట్టీలు పట్టీలుగా కనిపించడమూ కద్దు. తొడల మీద, పిరుదుల మీద చర్మం నల్లబడి, పాత గోడ సున్నంలా పెచ్చులుగా ఊడి, కింద ఎర్రగా పచ్చిగా ఉంటుంది. కాలేయం పక్కటెముకల కిందికి మెత్తగా తగులుతుంది.

ఇన్ని లక్షణాలున్నా రెండు జబ్బులనూ కచ్చితంగా విడదీసేది ఒక్కటే. రెండు పాదాల పైభాగాన్నీ బొటనవేలితో మూడు సెకన్లపాటు నొక్కి వేలు తీస్తే, నొక్కిన చోట గుంట నిలిచిపోవాలి. రెండు పాదాల్లోనూ నిలవాలి. ఒక కాలికే వాపుంటే అది దెబ్బో, చీమో, నరం వాపో అయి ఉంటుంది, పోషకాహార లోపం కాదు. ఈ నీరు పాదాలకే పరిమితమైతే ఒక ప్లస్, పిక్కలకూ చేతులకూ పాకితే రెండు, ముఖంతో సహా ఒళ్ళంతా ఉంటే మూడు ప్లస్‌లు అని కేస్‌షీటులో రాస్తారు. మన మగబిడ్డకు మూడు.

జుట్టు రంగు, చర్మం పెచ్చులు, కాలేయం పెరగడం, ముభావం ఇవన్నీ క్వాషియోర్కర్‌ను బలపరిచే లక్షణాలు మాత్రమే. ఇవి లేకపోయినా నీరుంటే క్వాషియోర్కరే. ఇవి ఉండి నీరు లేకపోతే ఆ పేరు పెట్టకూడదు. పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘జుట్టు రాగిరంగు’ అన్న మాట ప్రశ్నలో కనిపించగానే క్వాషియోర్కర్ అని రాసేస్తారు, పాదాల్లో నీరు లేదన్న వాక్యం చదవకుండానే.

నీరు ఉందో లేదో తేలాక బరువు చూడాలి. 1970లో వచ్చిన వెల్కమ్ వర్గీకరణ ఈ రెండు ప్రశ్నల మీదే నిలబడింది. వయసుకు ఉండాల్సిన బరువులో 60 నుంచి 80 శాతం ఉండి నీరుంటే క్వాషియోర్కర్, నీరు లేకపోతే తక్కువ బరువు. 60 శాతం కన్నా తక్కువుండి నీరు లేకపోతే మరాస్మస్, నీరు కూడా ఉంటే మరాస్మిక్ క్వాషియోర్కర్. పది నెలల ఆడపిల్ల సుమారు 8.5 కిలోలుండాలి. 4.5 కిలోలంటే 53 శాతం, నీరు లేదు, కనుక మరాస్మస్. ఇరవై రెండు నెలల మగబిడ్డ సుమారు 11.8 కిలోలుండాలి. 8 కిలోలంటే 68 శాతం, నీరుంది, కనుక క్వాషియోర్కర్. అదే మగబిడ్డ నీటితో కలిపి 6.5 కిలోలే తూగితే 55 శాతమై మూడో పేరు పెట్టాల్సి వచ్చేది. నీరు పట్టిన బిడ్డ బరువులో కొంత నీటిదే కాబట్టి, తూకం అతని స్థితిని ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తుందని మరిచిపోకూడదు.

ఈనాడు వార్డుల్లో ఈ శాతాల లెక్క దాదాపు వాడడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఆరు నెలలు దాటిన బిడ్డకు జబ్బ మధ్యలో చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, పొడవుకు తగ్గ బరువు ప్రమాణరేఖకు మూడు మెట్లు కిందున్నా, రెండు పాదాల్లో నీరున్నా అది తీవ్ర పోషకాహార లోపమే. మూడింటిలో ఏ ఒక్కటి చాలు. మూడో కొలత మరీ కఠినం: నీరుంటే బరువుతో, చుట్టుకొలతతో పనే లేదు.

నీరెందుకు పడుతుంది

1933లో నాటి గోల్డ్‌కోస్ట్, నేటి ఘనాలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, మొక్కజొన్న తిండి మీద పెరుగుతూ ఒంటికి నీరు పట్టి చనిపోతున్న పిల్లల గురించి రాశారు. క్వాషియోర్కర్ అన్న పేరును వైద్యలోకానికి పరిచయం చేసింది ఆమే. ఆ తరవాత స్థిరపడిన వివరణ ఇది. కేలరీలూ మాంసకృత్తులూ రెండూ కరువైన బిడ్డలో ఇన్సులిన్ తగ్గి, కార్టిసోల్ పెరుగుతుంది. శరీరం తన కండను తానే కరిగించుకుని ఆ ముడిసరుకును కాలేయానికి పంపుతుంది. కాలేయం దానితో అల్బుమిన్ తయారుచేస్తూనే ఉంటుంది. అందుకే బిడ్డ ఎండిపోయినా రక్తం స్థితి ఫర్వాలేదు. గంజి దొరికి పప్పు దొరకని బిడ్డలో పిండిపదార్థం వల్ల ఇన్సులిన్ నిలబడి, కండ కరగదు, కాలేయానికి సరుకు అందదు. అల్బుమిన్ పడిపోయి, రక్తనాళాల్లో నిలవాల్సిన నీరు బయటికి జారుతుంది. కొవ్వును కాలేయంనుంచి మోసుకుపోయే లైపోప్రొటీన్ కూడా తయారు కాక, కొవ్వు అక్కడే పేరుకుని కాలేయం పెరుగుతుంది.

చక్కగా అతికిన ఈ కథకు గండి కొట్టింది హైదరాబాదు. జాతీయ పోషకాహార సంస్థను చాలాకాలం నడిపిన సి.గోపాలన్, ఇక్కడి పల్లె పిల్లల తిండిని పరిశీలించి, మరాస్మస్ వచ్చిన పిల్లలూ క్వాషియోర్కర్ వచ్చిన పిల్లలూ తిన్న తిండిలో మాంసకృత్తుల పాలు విషయంలో తేడా కనబడలేదని 1968లో ప్రకటించారు. ఒకే వీధిలో, ఒకే తరహా తిండి తిన్న ఇద్దరిలో ఒకరు ఎండిపోతే ఇంకొకరు ఉబ్బుతున్నారు. కరువుకు శరీరం సర్దుకోగలిగితే మరాస్మస్, ఆ సర్దుబాటు తప్పితే క్వాషియోర్కర్ అన్నది ఆయన వాదన. 1980లో జమైకాలో మైకేల్ గోల్డెన్ బృందం ఇంకో మేకు దిగ్గొట్టింది. మాంసకృత్తులు తక్కువున్న ఆహారం మీదే, అల్బుమిన్ పెరగకముందే, పిల్లల ఒంట్లో నీరు తీసిందని వారు చూపించారు. నీరు పట్టడానికి అల్బుమిన్ ఒక్కటే కారణమైతే ఇది జరగకూడదు. ఆక్సీకరణ దెబ్బను తట్టుకునే గ్లూటాథయాన్ ఈ పిల్లల్లో బాగా తక్కువగా ఉంటుందని, అంటురోగం రాగానే కణాల పొరలు దెబ్బతిని నీరూ ఉప్పూ అదుపు తప్పుతాయని గోల్డెన్ తరవాత వాదించారు. 2013లో మలావీ కవలల మీద జరిగిన అధ్యయనం పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఇందులో పాత్ర ఉందని చూపింది. ఒకే తల్లి చేతి తిండి తిన్న కవలల్లో ఒకరికే క్వాషియోర్కర్ రావడమే ఆ అధ్యయనానికి పునాది.

పూర్తి కారణం ఇంకా తేలలేదు. పాఠ్యపుస్తకాలు పాత కథనే సులువుగా చెబుతున్నాయి కనుక, ‘క్వాషియోర్కర్‌లో ప్రధానంగా లోపించేది ఏది’ అని అడిగితే మాంసకృత్తులు అనే జవాబుకే మార్కులు పడతాయి. వైద్యం రాసేటప్పుడు మాత్రం ఆ జవాబును పక్కన పెట్టాలి.

ల్యాబు కాగితం చెప్పేది, చెప్పనిది

ఆడబిడ్డ అల్బుమిన్ మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది. మగబిడ్డది డెసిలీటరుకు 2.5 గ్రాములకు దిగువన ఉండడం సాధారణం. మొత్తం మాంసకృత్తులు, కొలెస్టరాల్, యూరియా కూడా అతనిలోనే తక్కువ. హిమోగ్లోబిన్ ఇద్దరిలోనూ తక్కువే. ప్రశ్నలో రెండు నివేదికలిచ్చి ఏది ఎవరిదని అడిగితే అల్బుమిన్ చూస్తే చాలు. అయితే ఈ పరీక్షతో వార్డులో ఒరిగేదేమీ లేదు. అల్బుమిన్ అంకె ఎంతైనా వైద్యం మారదు. దానికోసం బిడ్డ నరంలో సూది గుచ్చి రక్తం తీయడం అనవసరం.

అవసరమైనవి వేరు. రక్తంలో చక్కెర వెంటనే చూడాలి. 54 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే ప్రమాదం. హిమోగ్లోబిన్, మలేరియా స్మియర్, మూత్రం, వీలైతే ఛాతీ ఎక్స్‌రే. మగబిడ్డ విషయంలో మూత్ర పరీక్షకు ఇంకో పని కూడా ఉంది. ఒళ్ళంతా నీరు, అల్బుమిన్ తక్కువ అన్నవి మూత్రపిండాల జబ్బైన నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లోనూ కనిపిస్తాయి. అందులో వాపు పొద్దున్నే కనురెప్పల దగ్గర మొదలవుతుంది, మూత్రంలో మాంసకృత్తులు ధారాళంగా పోతాయి, కొలెస్టరాల్ పెరుగుతుంది. క్వాషియోర్కర్‌లో వాపు పాదాల్లో మొదలవుతుంది, మూత్రం శుభ్రంగా ఉంటుంది, కొలెస్టరాల్ తగ్గుతుంది. అయిదు రూపాయల మూత్రం స్ట్రిప్ ఈ చిక్కుముడిని విప్పేస్తుంది.

సోడియం, పొటాషియం అంకెలు మాత్రం మోసం చేస్తాయి. నివేదికలో సోడియం తక్కువ కనిపిస్తుంది, ఒంట్లో మాత్రం సోడియం అవసరానికి మించి ఉంటుంది. కణాల పొరల్లో ఉప్పును బయటికి తోడే యంత్రాంగం మందగించి, సోడియం లోపలికి చేరి పొటాషియం బయటికి పోతుంది. రక్తంలో పొటాషియం మామూలుగా కనిపించినా ఒంట్లో నిల్వ తగ్గే ఉంటుంది. సోడియం తక్కువుందని సెలైన్ ఎక్కిస్తే ఆ అదనపు ఉప్పూ నీళ్ళూ బలహీనపడ్డ గుండె మీద పడతాయి. తెల్లకణాల సంఖ్య కూడా నమ్మదగింది కాదు. న్యుమోనియా ఉన్నా జ్వరం రాదు, కణాలు పెరగవు, చీము పట్టదు. ఎదురు తిరిగే శక్తి శరీరానికి మిగిలి ఉండదు.

మొదటి వారం

పేర్లు రెండైనా వైద్యం దారి ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పది మెట్లుగా వేసింది. చక్కెర పడిపోవడం, ఒళ్ళు చల్లబడడం, నీరు పోవడం, లవణాల లోపం, అంటురోగం, విటమిన్ల లోపం, జాగ్రత్తగా తిండి మొదలుపెట్టడం, ఎదుగుదల అందుకోవడం, ఆటపాటలు, ఇంటికి పంపాక ఆరా. ఈ వరసలో బరువు పెంచడం ఎనిమిదో మెట్టు. మొదటి వారం బరువు పెంచే వారం కాదని గుర్తుంటే సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

మొదటి రెండు మెట్లూ జంటగా వస్తాయి. చక్కెర 54 కన్నా తక్కువైతే, లేదా కొలిచే వీలు లేకపోతే తక్కువుందనే అనుకుని, పది శాతం గ్లూకోజ్ నీళ్ళు 50 మి.లీ. తాగించాలి. దొరక్కపోతే చక్కెర నీళ్ళే. తరవాత రెండు గంటలకోసారి పాలు, రాత్రి రెండింటికీ నాలుగింటికీ కూడా. తెల్లవారుజామున జరిగే మరణాలు ఈ రాత్రి పాలు తప్పడం వల్లే ఎక్కువ. చంకలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే తల్లి ఒంటికి ఆనించి, తలకు టోపీ పెట్టి, దుప్పటి కప్పాలి. అతిచల్లబడిన బిడ్డలో చక్కెర కూడా పడిపోయిందని, అంటురోగం ఉందని అనుకోవడం పద్ధతి.

మూడో మెట్టు దగ్గర ఇద్దరు బిడ్డలూ ఎదురెదురుగా మోసం చేస్తారు. ఆడబిడ్డ కళ్ళు ఎప్పుడూ గుంటలు పడే ఉంటాయి, చర్మం పట్టి లాగితే ఎప్పుడూ నెమ్మదిగానే వెనక్కి పోతుంది. విరేచనాలు లేకపోయినా నీరు పోయినట్టే కనిపిస్తుంది. మగబిడ్డ ఒళ్ళంతా నీరుండగానే, విరేచనాలతో రక్తనాళాలు ఖాళీ కావచ్చు, ఉబ్బు దాన్ని కప్పేస్తుంది. చర్మం కన్నా తల్లి చెప్పే మాటే ఆధారం: నీళ్ళ విరేచనాలు ఎన్ని, ఎప్పటినుంచి, కళ్ళు ఈ రెండు రోజుల్లో లోపలికి పోయాయా, మూత్రం పోశాడా. నీరు పోయిందనుకుంటే ఈ పిల్లల కోసమే ఉప్పు తగ్గించి పొటాషియం పెంచి తయారుచేసిన రిసోమాల్ ద్రవాన్ని కిలోకు 5 మి.లీ. చొప్పున అరగంటకోసారి, మొదటి రెండు గంటలు నోటితో ఇవ్వాలి. మన దేశంలో అది దొరకని చోట్ల మామూలు ఓఆర్‌ఎస్ లీటరుకు 15 మి.లీ. పొటాషియం క్లోరైడ్ సిరప్ కలిపి వాడతారు. నరానికి సెలైన్ షాక్‌లో ఉన్న బిడ్డకే. ద్రవం ఇస్తున్నంతసేపూ నాడి, ఊపిరి లెక్కపెడుతూ ఉండాలి. నిమిషానికి ఊపిరి 5, నాడి 25 పెరిగి అలాగే నిలిస్తే గుండె మీద బరువు పడుతోందని ఆపేయాలి.

లవణాలంటే పొటాషియం, మెగ్నీషియం ఇవ్వడం, సోడియం తగ్గించడం. మగబిడ్డ ఉబ్బును దించాలని మూత్రం ఎక్కువ పోయించే మందు ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ మందు మిగిలిన పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది, ఖాళీగా ఉన్న రక్తనాళాలను ఇంకా ఖాళీ చేస్తుంది. పొటాషియం, తగిన తిండి అందితే ఉబ్బు తనంతట తానే దిగుతుంది. అంటురోగం కనిపించకపోయినా ఆసుపత్రిలో చేరిన ఇద్దరికీ యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు, సాధారణంగా ఆంపిసిలిన్, జెంటామైసిన్. కన్నులో విటమిన్-ఎ లోపం జాడలుంటే, తట్టు పోసి ఉంటే విటమిన్-ఎ ఆలస్యం చేయరు. మన మగబిడ్డకు ఈ రెండో కారణం ఉంది. ఇద్దరికీ రక్తహీనత ఉన్నా ఇనుము మాత్రం ఈ వారంలో ఇవ్వరు. దాన్ని కట్టిపెట్టే మాంసకృత్తులు తక్కువైన ఒంట్లో విడిగా తిరిగే ఇనుము బ్యాక్టీరియాకు మేత, కణాలకు చేటు. ఆకలి తిరిగొచ్చి బరువు పెరగడం మొదలయ్యాకే దాని వంతు.

తిండి సంగతికి వస్తే, మొదట ఇచ్చేది ఎఫ్-75 పాలు. వంద మి.లీ.లో 75 కేలరీలు, మాంసకృత్తులు ఒక గ్రాము కూడా నిండవు, 0.9 గ్రామే. పోషకాహార పునరావాస కేంద్రాల్లో దీన్ని వంటగదిలోనే కలుపుతారు: 300 మి.లీ. ఆవుపాలు, 70 గ్రాముల చక్కెర, 35 గ్రాముల మరమరాల పొడి, 20 మి.లీ. నూనె, లీటరు అయ్యేదాకా మరిగించి చల్లార్చిన నీళ్ళు. పాలు మూడో వంతు కూడా లేని ఈ పానీయాన్ని చూసి పిల్లవాడి అమ్మమ్మ ఇదేం పాలని విసుక్కోవడం మామూలే. నెలలుగా పస్తున్న కాలేయం, గుండె, మూత్రపిండాలు ఒక్కసారిగా వచ్చిపడే మాంసకృత్తులనూ ఉప్పునూ మోయలేవు. పిండిపదార్థం ఎక్కువగా పడితే ఫాస్ఫరస్, పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి పరుగెత్తి, గుండె ఆగిపోవచ్చు.

ఆడబిడ్డకు రోజుకు కిలోకు 130 మి.లీ. లెక్కన 585 మి.లీ., పన్నెండు భాగాలు చేస్తే రెండు గంటలకోసారి సుమారు 50 మి.లీ. మగబిడ్డకు మూడు ప్లస్‌ల నీరుంది కనుక కిలోకు 100 మి.లీ. మాత్రమే. 800 మి.లీ. పన్నెండు భాగాలైతే సుమారు 65 మి.లీ. అతని 8 కిలోల్లో నీటి బరువు కూడా కలిసి ఉండడమే ఈ తగ్గింపుకు కారణం. రెండింటి వైద్యంలో పేరును బట్టి మారే అంకె దాదాపు ఇదొక్కటే. ఆడబిడ్డ గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలని ఏడుస్తుంది. జాలిపడి ఎక్కువ పోయకూడదు. మగబిడ్డ ఇచ్చినదాంట్లో అయిదింట నాలుగు వంతులైనా తాగకపోతే ముక్కుగొట్టంతో మిగిలింది పోయాలి. చెంచాతో గానీ కప్పుతో గానీ తాగించాలి తప్ప సీసా వద్దు.

ఈ రోజుల్లో బరువు కాగితం చూసి కంగారుపడేవాళ్ళుంటారు. మగబిడ్డ నాలుగైదు రోజుల్లో 8 కిలోలనుంచి 7.2కు దిగిపోతాడు. ఉబ్బు తీసింది, ముఖం కళ తప్పినట్టైంది, పక్కటెముకలు బయటపడ్డాయి. తల్లికి బిడ్డ చిక్కిపోతున్నాడనిపిస్తుంది. నిజానికి అతను కోలుకుంటున్నాడు. దాన్ని బరువుతో కాదు, ముఖంతో కొలవాలి. ముభావం వదిలి నవ్వితే, చెంచాకోసం చేయి చాస్తే మొదటి దశ పూర్తికావచ్చిందని అర్థం. క్వాషియోర్కర్ బిడ్డ నవ్వడం వైద్యులు కాగితం మీద రాసుకునే గుర్తు. మరాస్మస్ బిడ్డలో ఈ దశలో బరువు కదలకుండా నిలిచినా చాలు.

ఎనిమిదో మెట్టునుంచి

ఆకలి తిరిగొచ్చి, వాపు తీయడం మొదలయ్యాక ఎఫ్-100కు మారుస్తారు. వంద మి.లీ.లో 100 కేలరీలు, 2.9 గ్రాముల మాంసకృత్తులు. కేంద్రాల్లో కలిపేటప్పుడు లీటరుకు ఆవుపాలే 900 మి.లీ. ఉంటాయి. మారిన రెండు రోజులూ ముందు ఇచ్చినంతే ఇవ్వాలి, ఒక్క చెంచా ఎక్కువ కాదు. గుండె మీద భారం పడేది ఎక్కువగా ఈ మార్పులోనే. మూడో రోజునుంచి ప్రతి పూటా 10 మి.లీ. పెంచుకుంటూ, గిన్నెలో కాస్త మిగిలేదాకా పోతారు. ఆ తరవాత బిడ్డ తిన్నంత తిననివ్వవచ్చు, రోజుకు కిలోకు 150 నుంచి 220 కేలరీల మధ్య. ఇనుము ఇక్కడ మొదలవుతుంది. చిక్కటి పప్పన్నం, గుడ్డు, నూనె వేసిన ఉప్మా వంటి ఇంటి తిండి కూడా ఇక్కడినుంచే.

బరువు లెక్క ఇప్పుడు పనికొస్తుంది. ఆడబిడ్డ వారంలో 4.6 కిలోలనుంచి 4.97 కిలోలకు వచ్చిందనుకుంటే పెరిగింది 370 గ్రాములు, రోజుకు సుమారు 53. దాన్ని 4.6తో భాగిస్తే రోజుకు కిలోకు పదకొండున్నర గ్రాములు. పది దాటితే మంచి పెరుగుదల, అయిదుకు దిగితే ఎక్కడో లోటుంది. ఆ లోటు సాధారణంగా రాత్రి పాలు తప్పడమో, కలపడంలో కొలతలు తప్పడమో, గుర్తించని క్షయ గానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ అయి ఉంటుంది. ముందు వంటగదికి వెళ్ళి కలిపే చేయిని చూడడం, తరవాత పరీక్షలు రాయడం అనుభవమున్న నర్సుల పద్ధతి.

తొమ్మిదో మెట్టును పరీక్ష రాసేవారు ఒక వాక్యంతో దాటేస్తారు. మెదడు పెరిగే వయసులో నెలల తరబడి కదలక పడున్న బిడ్డకు రోజూ పావుగంటో అరగంటో ఆడించడం, మాట్లాడడం, కూర్చోబెట్టి నడిపించడం మందుతో సమానమైన పని. దీన్ని వార్డులో నేర్చుకున్న తల్లే ఇంటి దగ్గరా కొనసాగిస్తుంది.

ఇంటికి పంపడానికి బరువు ఒక్కటే కొలమానం కాదు. పొడవుకు తగ్గ బరువు ప్రమాణరేఖకు రెండు మెట్ల లోపలికి రావాలి, లేదా జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు చేరాలి. ఏ కొలతతో చేర్చుకున్నారో ఆ కొలతతోనే పంపాలి. నీరు పట్టి చేరిన బిడ్డకు కనీసం రెండు వారాలుగా వాపు లేకుండా ఉండాలన్న షరతు కూడా ఉంది. తరవాత వారానికి, రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్ళీ చూడాలి. ఆడబిడ్డ ఇంట్లో పాలపొడి ఎన్ని చెంచాలు వేస్తున్నారో, సీసా మానేసి కప్పుతో తాగిస్తున్నారో లేదో ఆ రాకల్లో అడుగుతారు. మగబిడ్డతోపాటు ఈలోగా పుట్టిన చెల్లినీ తెమ్మని చెప్పి, ఆమెనూ తూచి కార్డులో రాస్తారు.